స్లైడ్స్ ముందుగా ఎలా చదవాలి, క్లాసు తర్వాత ఖాళీలు ఎలా పూడ్చుకోవాలి

"స్లైడ్స్ అన్నీ ముందే చదువుకుని వెళ్లాను, అయినా సగం క్లాసు దాటాక ఏమీ ఎక్కలేదు." చదువులో వెనకబడిన విద్యార్థుల నుంచి పదే పదే వచ్చే మాట ఇది. చాలాసార్లు దీని వెనక ఉన్న కారణం ఒక్కటే. స్లైడ్‌ను పుస్తకంలో పేజీలా చదివేస్తున్నారు. పుస్తకం చదివేవాళ్ల కోసం రాస్తారు, స్లైడ్ చెప్పేవాళ్ల కోసం రాసుకుంటారు. రెండు వాక్యాల మధ్య ఉండాల్సిన "ఎందుకంటే" అనే భాగం స్లైడ్ మీద ఉండదు, అది క్లాసులో మాస్టారి నోటి నుంచి వస్తుంది.

కాబట్టి క్లాసుకు ముందు మీ పని పాఠం అర్థం చేసుకోవడం కాదు, ఆ "ఎందుకంటే"లు ఎక్కడెక్కడ లేవో గుర్తుపెట్టుకోవడం. క్లాసు తర్వాత పని మళ్లీ అంతా చదవడం కాదు, ఇంకా ఖాళీగా మిగిలిన చోట్లను మాత్రమే పూడ్చడం. ఇదెలాగో డేటా స్ట్రక్చర్స్‌లోని ఒక పాఠంతో చూద్దాం: బైనరీ సెర్చ్ ట్రీ నుంచి ఒక నోడ్‌ను తీసేయడం. ఈ ట్రీలో ఒక్కో విలువ ఉన్న చోటు ఒక నోడ్. దాని కింద ఎడమవైపు అంతకంటే చిన్నవి, కుడివైపు పెద్దవి ఉంటాయి, నేరుగా కింద ఉన్న నోడ్‌లు దాని పిల్లలు. స్లైడ్ మీద మూడు వాక్యాల్లో తేలిపోయి, పరీక్షలో చాలామందిని పడేసే పాఠం ఇది.

కావలసినవి

- స్లైడ్స్ పీడీఎఫ్. ప్రింట్ తీసుకుంటే పేజీకి నాలుగు స్లైడ్స్ చొప్పున చాలు. స్క్రీన్ మీద చదివినా ఫర్వాలేదు, స్లైడ్ నంబర్లు కనబడితే చాలు.
- ఒక తెల్ల కాగితం. ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పున గీత కొట్టండి. ఆ గడిలో స్లైడ్ నంబరు తప్ప ఇంకేమీ రాయకూడదు.
- రెండు రంగుల పెన్నులు. క్లాసుకు ముందు రాసేది ఒక రంగు, క్లాసులోనూ తర్వాతా రాసేది ఇంకో రంగు.
- పాఠ్యపుస్తకం. చదవడానికి కాదు, వెనక ఉన్న పదసూచిలో వెతుక్కోవడానికి.
- గంట క్లాసుకు ముందు రోజు 25 నిమిషాలు, క్లాసు జరిగిన రోజే ఇంకో 40 నిమిషాలు.

క్లాసుకు ముందు

1. మొదటి ఐదు నిమిషాలు శీర్షికలు మాత్రమే చూడండి. లోపలి వాక్యాల జోలికి వెళ్లొద్దు. ఏ విషయానికి ఎన్ని స్లైడ్స్ ఇచ్చారో కాగితం పైన రాయండి. మన ఉదాహరణలో 36 స్లైడ్స్ ఉన్నాయనుకుందాం. 1–5 పాత పాఠం, 6–11 వెతకడం, చేర్చడం, 12–29 తీసేయడం, 30–36 ఈ పనులకు ఎంత సమయం పడుతుందన్న ఖర్చు లెక్క. సగం స్లైడ్స్ తీసేయడం మీదే ఉన్నాయి కాబట్టి మీ 25 నిమిషాల్లో ఎక్కువ భాగం అక్కడికే పోవాలి. ఒక జాగ్రత్త: యానిమేషన్‌తో చేసిన స్లైడ్స్ పీడీఎఫ్‌గా మారినప్పుడు ఒకే బొమ్మ ఐదారు పేజీలుగా రావచ్చు. పేజీకి పేజీకి మధ్య ఒక్క బాణం మాత్రమే మారుతుంటే ఆ పేజీలన్నిటినీ కలిపి ఒక్క స్లైడ్‌గా లెక్కపెట్టండి. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. యానిమేషన్‌లోని దశలన్నీ ఒకే పేజీ మీద ఒకదాని మీద ఒకటి పడి, బొమ్మ అలికినట్టు కనిపిస్తుంది. దాన్ని విడదీసి చదవాలని కుస్తీ పట్టకండి. నంబరు రాసి "క్లాసులో చూడాలి" అనుకుని వదిలేయండి.

2. తర్వాతి పది నిమిషాలు ఒక్కో స్లైడ్‌కు గుర్తు పెట్టండి. స్లైడ్ చదివి, కళ్లు పక్కకు తిప్పి, అందులో ఏముందో ఒక్క వాక్యంలో మీ మాటల్లో చెప్పండి. చెప్పగలిగితే టిక్కు. చెప్పలేకపోతే ప్రశ్నార్థకం. ఒక స్లైడ్ మీద నిమిషం దాటొద్దు. కళ్లు తిప్పకుండా పెట్టిన టిక్కుకు విలువ లేదు, ఎందుకంటే ఎదురుగా కనబడుతున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే అనిపిస్తుంది. మొత్తం టిక్కులే వచ్చాయంటే మీరు మరీ ఉదారంగా పెట్టారని అర్థం. రెండు స్లైడ్స్ తీసుకుని మళ్లీ పరీక్షించుకోండి.

3. ప్రశ్నార్థకాల్లోంచి మూడు నాలుగు ప్రశ్నలు రాయండి. "డిలీషన్ అర్థం కాలేదు" అనేది ప్రశ్న కాదు, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. ప్రశ్నలో స్లైడ్ నంబరు, మీకు ఎక్కడిదాకా అర్థమైంది, ఎక్కడ ఆగిపోయారు అనేవి మూడూ ఉండాలి. ఉదాహరణకు:

   - స్లైడ్ 19: పిల్లలు ఇద్దరూ ఉన్న నోడ్‌ను తీసేస్తే దాని చోట ఇన్‌ఆర్డర్ సక్సెసర్‌ను పెట్టాలి అంది. అదే ఎందుకు, కుడి పిల్లను పెడితే ఏమవుతుంది?
   - స్లైడ్ 21: సక్సెసర్‌ను తీసేయడం "పై సులువు పద్ధతిలోనే" అంది. సక్సెసర్‌కు కూడా ఇద్దరు పిల్లలుంటే?
   - స్లైడ్ 26: కోడ్ చివర ఉన్న `if` ఎందుకు? నేరుగా `p.left` మారిస్తే సరిపోదా?

4. మిగిలిన నిమిషాల్లో పాత పాఠానికి చెందిన పదాలను మాత్రమే వెతకండి. స్లైడ్ 19 అర్థం కావాలంటే ఇన్‌ఆర్డర్ అంటే ఏంటో ముందే తెలిసి ఉండాలి. ఎడమ కొమ్మ, తర్వాత నోడ్, తర్వాత కుడి కొమ్మ అనే వరసలో చదివితే విలువలు చిన్నదాని నుంచి పెద్దదానికి వస్తాయి. ఇది కొత్త పాఠంలో ఎవరూ మళ్లీ చెప్పరు, ఇది తెలియకపోతే తర్వాతి పదిహేను స్లైడ్స్ చెవిలో పడవు. కొత్త పాఠాన్ని మాత్రం వీడియోల్లో ముందే నేర్చేసుకోవాలని చూడకండి. ఒక వీడియో మూడు వీడియోలవుతుంది, 25 నిమిషాలు రెండు గంటలవుతాయి, మర్నాడు అసలు ఏమీ చదవకుండానే క్లాసుకు వెళ్తారు.

స్లైడ్స్ ముందుగా ఇవ్వని చోట పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం ఉపశీర్షికలు, బొమ్మలు, బొమ్మల కింది వాక్యాలు తీసుకుని ఇదే పని చేయండి. స్లైడ్ నంబరు బదులు పేజీ నంబరు రాసుకుంటే సరిపోతుంది. పాత బ్యాచ్ స్లైడ్స్ దొరికితే అవీ పనికొస్తాయి, కానీ క్లాసులో నంబర్లు కలవవు కాబట్టి శీర్షిక రాసుకోండి.

క్లాసులో

5. స్లైడ్ మీద ఉన్నది కాగితం మీదకు ఎక్కించకండి, అది మీ దగ్గర ఎలాగూ ఉంది. స్లైడ్ మీద లేనిదే రాయండి. మాస్టారు బోర్డు మీద గీసిన బొమ్మ, "ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు" అన్న చోటు, వెనక బెంచీ నుంచి ఎవరో అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబు. ప్రతిదాని పక్కనా గడిలో స్లైడ్ నంబరు వేయండి. నంబరు లేని నోట్సు వారం తిరిగేసరికి దేని గురించో తెలియని నోట్సు అవుతుంది.

6. మధ్యలో తప్పిపోతే స్లైడ్ నంబరు వేసి, నాలుగు లైన్లు ఖాళీ వదిలి, తర్వాతి స్లైడ్‌కు వెళ్లిపోండి. తప్పిపోయిన చోటే ఆగి ఆలోచిస్తూ కూర్చుంటే ఇంకో మూడు స్లైడ్స్ పోతాయి. ఒక ఖాళీని తర్వాత పూడ్చుకోవచ్చు, నాలుగు ఖాళీలు ఒకదాని మీద ఒకటి పడితే చాలా కష్టం.

క్లాసు తర్వాత: ఖాళీలు పూడ్చడం

ఇది ఆ రోజే జరగాలి. మర్నాటికి వాయిదా వేస్తే మాస్టారు నోటితో చెప్పిన భాగం చాలావరకు జారిపోతుంది, మీ సగం సగం వాక్యాలు మీకే అర్థం కావు.

7. ముందు రాసుకున్న ప్రశ్నల్లో క్లాసులో జవాబు దొరికినవాటిని రెండో రంగుతో, స్లైడ్ చూడకుండా, రెండు మూడు వాక్యాల్లో రాయండి. రాయలేకపోతే జవాబు విన్నారు గానీ దొరకలేదని అర్థం. దాన్ని ఖాళీగానే లెక్కపెట్టండి.

8. మిగిలిన ఖాళీలు ఏ రకానివో చూడండి. ఏదో పదం తెలియక వచ్చిన ఖాళీ అయితే పదసూచి చాలు. ఒక మాట వినబడక వచ్చినదైతే పక్కవాళ్ల నోట్సు చాలు. అసలు శ్రమ పడాల్సింది మూడో రకం మీద: రెండు స్లైడ్స్ మధ్య ఉన్న గెంతు. ముందు బొమ్మ ఉంది, తర్వాత బొమ్మ ఉంది, మధ్యలో ఏం జరిగిందో లేదు. దీన్ని చదివి పూడ్చలేరు, చేతితో చేసి పూడ్చాలి.

స్లైడ్ 20లో ఈ ట్రీ ఉందనుకోండి. 50ని తీసేయాలి.

```
        50
      /    \
    30      70
   /  \    /  \
  20  40  60   80
            \
             65
```

స్లైడ్ 21లో నేరుగా ఇది ఉంది:

```
        60
      /    \
    30      70
   /  \    /  \
  20  40  65   80
```

మొదటి బొమ్మను కాగితం మీద గీసి, రెండో బొమ్మను చేత్తో మూసి, ఒక్కో అడుగు మీరే వేయండి. 50 చోట వచ్చే విలువ ఎడమవైపున్న 20, 30, 40లన్నిటికంటే పెద్దదై ఉండాలి, కుడివైపు మిగిలేవాటన్నిటికంటే చిన్నదై ఉండాలి. కుడివైపున్నవన్నీ ఎలాగూ ఎడమవాటికంటే పెద్దవే. అందుచేత కుడివైపున్న వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని తీసుకుంటే రెండు షరతులూ నెరవేరతాయి. ఒకసారి కుడికి, తర్వాత ఎడమకు వెళ్లగలిగినంత దూరం వెళ్తే అది దొరుకుతుంది: 60. స్లైడ్ 19 చెప్పిన ఇన్‌ఆర్డర్ సక్సెసర్ ఇదే. మీ మొదటి ప్రశ్నలోలాగా కుడి పిల్ల 70ని పైకి తెస్తే ఏమవుతుందో కూడా గీయండి. 60, 65 రెండూ 70 కంటే చిన్నవై ఉండి కుడివైపు మిగిలిపోతాయి, వరస చెడిపోతుంది. తప్పు దారిని ఇలా ఒకసారి గీసి చూసుకుంటే సరైన దారి మళ్లీ మర్చిపోరు.

ఇక రెండో ప్రశ్న. 60కి ఎడమ పిల్ల ఉండే అవకాశం ఉందా? ఉంటే అది 60 కంటే చిన్నదవుతుంది, అయినా కుడి కొమ్మలోనే ఉంటుంది. అప్పుడు అన్నిటికంటే చిన్నది 60 కాదు, ఆ పిల్ల అవుతుంది. కాబట్టి సక్సెసర్‌కు ఎడమ పిల్ల ఉండదు. ఉంటే గింటే కుడి పిల్ల ఒక్కటే. ఒక్క పిల్లకు మించని నోడ్‌ను తీసేసి, పిల్ల ఉంటే దాన్ని ఆ చోట పెట్టడమే సులువు పద్ధతి, అందుకే స్లైడ్ "పై సులువు పద్ధతిలోనే" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇక్కడ ఆ కుడి పిల్ల 65, అది 60 ఖాళీ చేసిన చోటికి, అంటే 70కి ఎడమవైపుకు వెళ్తుంది.

మూడో ప్రశ్నకు స్లైడ్ 26లోని కోడ్ ఇదీ. `n` తీసేయాల్సిన నోడ్, `s` సక్సెసర్, `p` సక్సెసర్‌కు తల్లి నోడ్.

```
p = n
s = n.right
while s.left is not None:
    p = s
    s = s.left
n.key = s.key
if p is n:
    p.right = s.right
else:
    p.left = s.right
```

50ని తీసేసే ఉదాహరణతో ఈ కోడ్ నడిపితే `else` భాగమే పని చేస్తుంది, `if` దండగ అనిపిస్తుంది. స్లైడ్‌లో ఇచ్చిన ఒక్క ఉదాహరణ కోడ్‌లో అన్ని దారుల్లోంచీ వెళ్లదు, అందుకే ఈ ఖాళీ ఏర్పడింది. రెండో దారిలోకి వెళ్లే ఉదాహరణను మీరే వెతకాలి. మొదటి ట్రీలోనే 70ని తీసేయండి. కుడికి వెళ్తే 80, దానికి ఎడమ పిల్ల లేదు కాబట్టి `while` ఒక్కసారి కూడా తిరగదు, `p` ఇంకా `n` దగ్గరే ఉంటుంది. ఇప్పుడు `if` లేకుండా `p.left` మార్చారనుకోండి. 60, 65 రెండూ ట్రీలోంచి ఊడిపోతాయి, పాత 80 మాత్రం కింద అలాగే ఉంటుంది. కోడ్ ఎర్రర్ ఇవ్వదు, ట్రీ మాత్రం పాడైపోతుంది. మూడో ప్రశ్నకు జవాబు అదే.

సబ్జెక్టు ఏదైనా ఈ చివరి పని చేయండి. స్లైడ్‌లో "లేకపోతే", "ఒకవేళ", "తప్ప" అనే మాటలు ఎక్కడున్నా, ఇచ్చిన ఉదాహరణ వాటిలో ఏ దారిన వెళ్లిందో చూసి, రెండో దారికి మీ సొంత ఉదాహరణ ఒకటి రాయండి.

సరిగ్గా పూడిందో లేదో చూసుకోవడం

9. స్లైడ్స్ మూసి, అంకెలు మార్చి, మొదటి నుంచి చేయండి. అవే అంకెలతో చేస్తే అది జ్ఞాపకశక్తికి పరీక్ష అవుతుంది. ట్రీలో ఓ పది విలువలు వేసి, పిల్లలు లేని నోడ్ ఒకటి, ఒక పిల్ల ఉన్నది ఒకటి, ఇద్దరున్నది ఒకటి తీసేయండి.

10. జవాబును రెండు రకాలుగా సరిచూడండి. మన ట్రీలో మొదట ఎనిమిది విలువలున్నాయి: 20 30 40 50 60 65 70 80. 50 పోయాక ఏడు రావాలి: 20 30 40 60 65 70 80. వరస ఉందా అని మాత్రమే చూస్తే మోసపోతారు. 65ని మీరు పారేసుకుంటే 20 30 40 60 70 80 వస్తుంది, వరస చక్కగానే ఉంటుంది. `if` లేని కోడ్‌తో 70ని తీసేస్తే 20 30 40 50 80 80 వస్తుంది, అదీ ఎక్కడా తగ్గదు. లెక్కపెడితేనే రెండు తప్పులూ బయటపడతాయి: ఏడుండాల్సిన చోట ఆరే ఉన్నాయి. ఇలాంటి రెండో సరిచూపు ప్రతి సబ్జెక్టులోనూ ఏదో ఒకటి దొరుకుతుంది. లెక్కల్లో జవాబును సమీకరణంలో పెట్టి చూడడం, ఫిజిక్స్‌లో ప్రమాణాలు కలుస్తున్నాయా అని చూడడం, కెమిస్ట్రీలో రెండువైపులా పరమాణువులు లెక్కపెట్టడం.

11. ఇరవై నిమిషాలు కూర్చున్నా ఒక ఖాళీ పూడకపోతే దాన్ని మాస్టారి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రశ్న మాత్రమే కాదు, మీరు గీసిన కాగితం కూడా తీసుకెళ్లండి. "మాస్టారూ, స్లైడ్ 26లో 50ని తీసేస్తే ఎలా వస్తుందో చేసి చూశాను. 70ని తీసేస్తే మాత్రం 60 ఊడిపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?" ఇలా అడిగితే ఆయన కాగితం చూసి వేలు పెట్టి చూపించగలరు. "మళ్లీ ఒకసారి చెప్పండి" అంటే అదే స్లైడ్ అదే మాటలతో మళ్లీ వింటారు, అదే చోట మళ్లీ ఆగిపోతారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

స్లైడ్స్‌ను అందంగా నోట్సులోకి రాసుకోవడం అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది. రాస్తున్నంతసేపూ పని జరుగుతున్నట్టే ఉంటుంది, కానీ స్లైడ్‌లో లేనిది మీ నోట్సులోనూ ఉండదు. క్లాసు తర్వాత కాగితం మీద రెండో రంగు ఎంత ఉందో చూడండి. అది దాదాపు లేదంటే మీరు ఖాళీలు పూడ్చలేదు, కాపీ చేశారు.

ఇంకోటి, అన్ని ఖాళీలనూ ఒకే రోజు పూడ్చాలనుకోవడం. ఒక క్లాసుకు పది ప్రశ్నార్థకాలు మిగిలితే, తర్వాతి పాఠంలో ఏవి వాడతారో చూసి మూడు ఎంచుకోండి. మన ఉదాహరణలో 30–36 స్లైడ్స్‌లోని ఖర్చు లెక్క రేపటిదాకా ఆగగలదు. ఇన్‌ఆర్డర్‌ను మాత్రం వాయిదా వేయడానికి వీల్లేదు, తర్వాతి పాఠాలన్నీ దాని మీదే నిలబడి ఉంటాయి.

ఇప్పటికే ఐదారు క్లాసులు వెనకబడి ఉన్నవాళ్లు మొదటి క్లాసు నుంచి మొదలుపెట్టకండి. మీరు రెండో క్లాసు ముగించేలోపు బయట ఇంకో రెండు జరిగిపోతాయి, దూరం అలాగే ఉంటుంది. రేపటి క్లాసు స్లైడ్స్‌తో మొదలుపెట్టండి. నాలుగో అడుగులో పాత పదం ఏది తగిలితే దాని కోసం మాత్రమే వెనక్కి వెళ్లండి. అది ఏ క్లాసులో ఉందో ఆ ఒక్క భాగం స్లైడ్స్‌కే ఏడు నుంచి పది దాకా ఉన్న అడుగులు వేసి, తిరిగి రేపటి పాఠానికి వచ్చేయండి. ఇలా వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఆ పాత క్లాసు నంబరు కాగితం పైన రాసుకోండి. ఒకే నంబరు మూడుసార్లు కనబడితే, ఆ క్లాసు మొత్తాన్ని ఒక సెలవు రోజు కూర్చుని పూర్తిచేయండి.